స్టూడియో పాటను క్షణాల్లో పట్టేసే యాప్, అదే పాటను స్టేజీ మీద పాడితే ఎందుకు చేతులెత్తేస్తుంది?

నీలి_చీకటి
చాలా రోజులుగా బుర్ర తినేస్తున్న సందేహం. గోలగోలగా ఉన్న హాల్లో, ఎక్కడో మూలనున్న స్పీకర్లో సన్నగా పాట వస్తుంటే ఫోన్ తీశాను. కాసేపట్లోనే యాప్ పాట పేరు చెప్పేసింది. తర్వాత అదే గాయకుడి లైవ్ ప్రోగ్రాంకి వెళ్లాను. అదే పాట, అదే గొంతు, నేను స్పీకర్ పక్కనే ఉన్నాను, ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. యాప్ మాత్రం "ఫలితం లేదు" అంది. ఇంటికొచ్చి హమ్ చేసి చూస్తే సంబంధం లేని ఇంకేదో పాట చూపించింది.

సరిగ్గా వినపడనిదాన్ని పట్టుకుని, స్పష్టంగా వినపడినదాన్ని వదిలేయడం ఏమిటి? అసలు ఇది దేన్ని దేనితో పోలుస్తుంది?

జోరుగాలి
సింపుల్ అండి. యాప్ ముందు గొంతునూ పాటలోని మాటలనూ గుర్తుపడుతుంది, తర్వాత డేటాబేస్‌లో వెతుకుతుంది. లైవ్‌లో జనం అరుపులు, ఈలలు ఉంటాయి కాబట్టి మాటలు కలిసిపోతాయి. హమ్ చేస్తే అసలు మాటలే ఉండవు. అందుకే రెండూ ఫెయిల్.

స్పెక్ట్రమ్_తాత
జోరుగాలి గారూ, అదే నిజమైతే మాటల్లేని వాయిద్య సంగీతం అస్సలు దొరకకూడదు. కానీ అది చక్కగా దొరుకుతుంది. డేటాబేస్ అనే మాట వరకు మీరు చెప్పింది సరే. అందులో ఉన్నది మాత్రం మాటలూ కాదు, గొంతూ కాదు, ఆ మాటకొస్తే రాగమూ కాదు.

షజామ్ యాప్ పద్ధతి గురించి చెప్తాను, ఎందుకంటే దాన్ని తయారుచేసిన ఏవరీ వాంగ్ 2003లోనే పేపర్ రాసి బయటపెట్టారు. ఇప్పుడు లోపల ఏమేం మార్చారో బయటివాళ్లకు తెలీదు గానీ, మూలసూత్రం ఇదే.

రికార్డు చేసిన ముక్కను చిన్న చిన్న కిటికీలుగా కోసి, ఒక్కో కిటికీలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో లెక్కిస్తారు. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ వేస్తే ఒక బొమ్మ వస్తుంది, అదే స్పెక్ట్రోగ్రామ్. అందులో చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చుక్కలను మాత్రం ఉంచి మిగతాదంతా పారేస్తారు. ఎంత ఎత్తు అన్నది కూడా పారేస్తారు. మిగిలేది నల్లటి కాగితం మీద చల్లినట్టున్న చుక్కలు. పేపర్‌లో దీన్ని నక్షత్ర పటం లాంటిదనే అన్నారు.

గోలలోనూ పాట దొరకడానికి కారణం ఇక్కడే ఉంది. గోల కొత్త చుక్కలను కలుపుతుంది గానీ, పాటలోని బలమైన చుక్కలన్నిటినీ తుడిచేయలేదు.

కిట్టు_కోడ్
తాతగారూ, చుక్కలు సరే. కోట్ల పాటల్లో ఒక చుక్కల బొమ్మను ఎలా వెతుకుతారు? ఒక్కొక్క పాట మీదా పెట్టి జరుపుకుంటూ పోతే తెల్లారిపోతుంది కదా.

స్పెక్ట్రమ్_తాత
అసలు తెలివంతా అక్కడే ఉంది కిట్టూ. ఒంటరి చుక్కతో వెతకరు, జంటతో వెతుకుతారు. ఒక చుక్కను తీసుకుని, దాని తర్వాత కొంచెం దూరంలో వచ్చే కొన్ని చుక్కలతో జత కడతారు. ఒక్కో జంట నుంచి మూడు అంకెలు తీస్తారు: మొదటి ఫ్రీక్వెన్సీ, రెండో ఫ్రీక్వెన్సీ, మధ్యలో గడిచిన కాలం. మూడింటినీ కలిపి ఒకే సంఖ్య చేస్తారు.

లెక్క కోసం సెకనుకు 8000 శాంపిళ్లు, ఒక్కో కిటికీ 1024 శాంపిళ్లు, కిటికీ ఒక్కోసారి 256 శాంపిళ్లు జరుగుతుంది అనుకుందాం. అప్పుడు ఫ్రీక్వెన్సీ గడి ఒక్కొక్కటి 7.8125 హెర్ట్జ్, కాలం గడి 32 మిల్లీసెకన్లు. ఒక చుక్క 90వ గడిలో (సుమారు 703 హెర్ట్జ్), రెండోది 112వ గడిలో (875 హెర్ట్జ్), మధ్యలో 25 కాలం గడులు, అంటే 0.8 సెకన్లు.

```python
h = (90 << 20) | (112 << 10) | 25
print(h)   # 94486553
```

డేటాబేస్ అంటే ఇలాంటి సంఖ్యల పెద్ద పట్టిక. 94486553 అని అడిగితే, ఈ జంట ఫలానా పాటలో ఫలానా సెకను దగ్గర ఉంది అని వెంటనే జాబితా ఇస్తుంది. వెతకడం అంటూ ఏమీ ఉండదు, నేరుగా ఆ పేజీ తెరవడమే. ఒక్క చుక్క అయితే 10 బిట్లే, మహా అయితే 1024 రకాలు కాబట్టి ప్రతి పాటా జాబితాలోకి వచ్చేస్తుంది. జంటకు 30 బిట్లు, అంటే వంద కోట్లకు పైగా రకాలకు చోటు.

కిట్టు_కోడ్
అయినా ఏదో ఒక వేరే పాటలో కూడా అదే జంట ఉండొచ్చు కదా?

స్పెక్ట్రమ్_తాత
ఉంటుంది, బోలెడన్నిట్లో ఉంటుంది. అందుకే చివరి పరీక్ష ఒకటుంది. నా దృష్టిలో పద్ధతి మొత్తంలో అందమైన భాగం ఇదే.

క్లిప్‌లో 1.2 సెకన్ల దగ్గరున్న జంట, ఒక పాటలో 64.7 సెకన్ల దగ్గర దొరికింది. తేడా 63.5. క్లిప్‌లో 2.9 దగ్గరున్న ఇంకో జంట అదే పాటలో 66.4 దగ్గర దొరికింది. తేడా మళ్లీ 63.5. 4.1 దగ్గరిది 67.6లో. అదీ 63.5. ఇలా ఒకే తేడా మీద ఓట్లు గుట్టగా పడితే, క్లిప్ ఆ పాటలో 63.5వ సెకను నుంచి మొదలైందని అర్థం. వేరే పాటలో యాదృచ్ఛికంగా దొరికిన జంటల తేడాలు 11, 140, 87 అంటూ చెల్లాచెదురుగా ఉంటాయి. అక్కడ గుట్ట పడదు.

అందువల్ల ఎక్కువ జంటలు పాడైపోయినా నష్టం లేదు. గోల వల్ల పది చుక్కల్లో మూడే బతికాయనుకోండి. జంట బతకాలంటే రెండు చుక్కలూ బతకాలి కాబట్టి వందకు 9 జంటలు మిగులుతాయి. క్లిప్ మొత్తం మీద వెయ్యి జంటలు తీస్తే 90 ఓట్లు ఒకే తేడా మీద పడతాయి. అది చాలా ఎక్కువ. వాంగ్ పేపర్ ప్రకారం నూటికి ఒకటి రెండు జంటలు మిగిలినా పాట పట్టుకోవచ్చు.

నీలి_చీకటి
ఇప్పుడు అర్థమవుతోంది. అంటే అది పాటను కాదు, ఒక రికార్డింగ్‌ను గుర్తుపడుతోంది. మరి లైవ్‌లో అదే గాయకుడు అదే శ్రుతిలో పాడితే?

స్పెక్ట్రమ్_తాత
ముందు శ్రుతి మారితే ఏమవుతుందో చూడండి. అర స్వరం పెంచారు, అంటే ప్రతి ఫ్రీక్వెన్సీకీ దాదాపు 6 శాతం పెరుగుదల. పై జంట 703 నుంచి 745కి, 875 నుంచి 927కి జరుగుతుంది. గడులు 95, 119 అవుతాయి. సంఖ్య 94486553 బదులు 99736601. పట్టికలో ఇది పూర్తిగా వేరే పేజీ. "దగ్గరగా ఉంది కదా" అనే మాట ఈ పట్టికకు తెలీదు. ఒక్క అంకె మారినా రాదు.

శ్రుతి అదే ఉండి, వేగం 3 శాతం పెరిగిందనుకోండి. 25 గడుల దూరం 24 అవుతుంది, సంఖ్య మారిపోయింది. దగ్గరి జంటలు కొన్ని బతికినా, పది సెకన్ల క్లిప్‌లో తేడా 0.3 సెకన్లు జారిపోతుంది, ఓట్లు ఒకే గుట్టగా కాకుండా తొమ్మిది పది గడుల మీద పరచుకుంటాయి.

శ్రుతీ వేగమూ రెండూ అచ్చంగా పాటించినా లైవ్ దొరకదు. గాయకుడు ఒక అక్షరాన్ని కాస్త ముందో వెనకో ఎత్తుకుంటాడు. 32 మిల్లీసెకన్ల గడిలో కూర్చోవాలంటే మనిషి వల్ల కాదు. పైగా ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ అన్నిటికన్నా పైకి లేస్తుందనేది డ్రమ్ము ఏది, మైకు ఎక్కడుంది, గిటార్ ఎంత సౌండులో ఉంది, హాలు ఎంత ప్రతిధ్వనిస్తోంది అనేవాటి మీద ఆధారపడుతుంది. అసలు చుక్కలే వేరు. మీ చెవికి "స్పష్టం" అనిపించడం వేరు, చుక్కలు పాత జాగాలో ఉండటం వేరు.

కవర్_బుజ్జి
నాది దీనికి ఉల్టా కేసు. నేను సొంతంగా పాడి వీడియో పెడితే, ఇది ఫలానా కంపెనీ రికార్డింగ్ అని క్లెయిమ్ వచ్చింది. నా గొంతు, నా మైకు! లైవ్ పాట దొరకదంటున్నారు, మరి నాది ఎలా దొరికింది? అప్పీల్ ఎలా పెట్టాలో ఎవరికైనా తెలుసా?

వీణ_రమ్య
బుజ్జీ, ఇక్కడ అడుగుతున్నది అప్పీల్ గురించి కాదు :) అయినా ఒక మాట. వెనక సంగీతం నువ్వే వాయించావా, ట్రాక్ పెట్టుకున్నావా?

కవర్_బుజ్జి
కరోకే ట్రాక్ అక్కా. మామూలుగా అందరూ వాడేదే.

స్పెక్ట్రమ్_తాత
దొరికిపోయింది అక్కడే. ట్రాక్ ఒరిజినల్ మ్యూజిక్ అయితే చుక్కల్లో ఎక్కువ భాగం ఒరిజినల్‌వే. యాప్ దృష్టిలో మీ గొంతు దాని మీద పడిన గోల, అంతే. నొచ్చుకోకండి.

అయితే వీడియో సైట్లు వాడే పద్ధతి వేరు కావచ్చు. కొన్ని చోట్ల స్వరాల వరసను కూడా పోలుస్తారు. మీ వీడియో దేనికి చిక్కిందో నేను ఖచ్చితంగా చెప్పలేను. ట్రాక్ లేకుండా ఉత్తి గొంతుతో పాడి, ప్రైవేటుగా అప్‌లోడ్ చేస్తే కొంత తెలుస్తుంది.

నీలి_చీకటి
అలాగైతే ఇంకో డౌట్. మా ఫ్రెండ్ ఒక పెద్ద కచేరీలో ఇదే యాప్ పెడితే పాట వచ్చేసిందట. స్క్రీన్‌షాట్ కూడా చూపించాడు. దీన్నేమనాలి?

జోరుగాలి
అంటే ఆ గాయకుడు పాడట్లేదు, పెదాలు కదుపుతున్నాడు. తాతగారి లెక్క ప్రకారం అంతే కదా!

స్పెక్ట్రమ్_తాత
అంత తొందర వద్దు. పెదాలు కదపడం ఒక అవకాశం, నిజమే. కానీ పెద్ద కచేరీల్లో గాయకుడు నిజంగానే పాడుతూ, వెనక కోరస్, తాళం, సింథ్ మాత్రం స్టూడియో ఫైల్ నుంచే వదలడం మామూలు. బుజ్జి గారి కేసే అది. గాయకుడి అసలు లైవ్ ఆల్బమ్ డేటాబేస్‌లో ఉన్నా, అది ఆ ఒక్క రోజు రికార్డింగ్ కాబట్టి ఇవాళ్టి కచేరీతో కలవదు. ఇంకొక సంగతి, ఇప్పటి యాప్‌లు మొదటి పద్ధతి ఫెయిలైతే వెనకాల ఇంకో పద్ధతి ప్రయత్నిస్తాయేమో. స్క్రీన్‌షాట్ చూసి గాయకుడికి శిక్ష వేయలేం.

జోరుగాలి
సరే, ఆ మాట వెనక్కి తీసుకోను గానీ కాస్త పక్కన పెడతాను.

కిట్టు_కోడ్
నాకు ఒక ఐడియా. ఫ్రీక్వెన్సీ కాకుండా నిష్పత్తి దాచుకుంటే? 875/703 అంటే సుమారు 1.24. శ్రుతి ఎంత మార్చినా నిష్పత్తి మారదు. కాలానికీ అంతే, మూడు చుక్కలు తీసుకుని రెండు దూరాల నిష్పత్తి దాచుకుంటే వేగం మారినా ఫర్వాలేదు. ఇంత సులువైన సంగతిని వాళ్లెందుకు చేయలేదు?

స్పెక్ట్రమ్_తాత
ఐడియా సరైనదే, చేసినవాళ్లూ ఉన్నారు. పనాకో అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మూడు చుక్కలతో సరిగ్గా ఇలాంటిదే చేస్తుంది. 2014లో వచ్చింది. వేగం మార్చిన రికార్డింగులకు పనికొస్తుంది.

రెండు ఇబ్బందులు. ఒకటి, అసలు ఫ్రీక్వెన్సీని పారేస్తే ప్రతి సంఖ్యలోనూ సమాచారం తగ్గుతుంది. ఒకే నిష్పత్తి ఎన్నో పాటల్లో ఎన్నో చోట్ల వస్తుంది కాబట్టి జాబితాలు పొడుగవుతాయి. రెండోది ముఖ్యం: నీ నిష్పత్తి *అవే చుక్కలు* జరిగినప్పుడు పనిచేస్తుంది. లైవ్‌లో చుక్కలు జరగలేదు, కొత్తవి పుట్టాయి. అక్కడ ఏ నిష్పత్తీ కాపాడదు.

పాత_క్యాసెట్
ఇది నా సమస్యకు దగ్గరగా ఉందే! నా దగ్గరున్న పాత టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. లైవ్ కాదు, అచ్చమైన స్టూడియో పాటలే, రేడియో నుంచి ఎక్కించినవి. చెవికి బాగానే ఉన్నాయి. ఒక్కటీ గుర్తుపట్టట్లేదు. టేపు బుసబుస శబ్దం వల్లనా?

స్పెక్ట్రమ్_తాత
బుస వల్ల కాదు. బుస గోల లాంటిదే, తట్టుకుంటుంది. టేపు వేగం మీద అనుమానం. డెక్ 4 శాతం వేగంగా తిరిగితే శ్రుతి అర స్వరంలో మూడింట రెండొంతులు పెరుగుతుంది, పక్కన ఒరిజినల్ లేకపోతే మీరు గమనించరు. కానీ 703 హెర్ట్జ్ చుక్క 28 హెర్ట్జ్ జరుగుతుంది, మూడున్నర గడులు. ఒక్క శాతం తేడాకే దాదాపు గడి మారిపోతుంది.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. రేడియో నుంచి ఎక్కించేటప్పుడు కరెంటు హమ్ సన్నగా టేపు మీద పడి ఉండొచ్చు. కరెంటు 50 హెర్ట్జ్ ఉండే చోట చేసినదైతే ఆ గీత 50 దగ్గరో, 100 దగ్గరో ఉండాలి. పాటల మధ్య నిశ్శబ్దంగా ఉన్న ముక్కను స్పెక్ట్రోగ్రామ్‌లో చూడండి. జాగ్రత్త, మీరు ఇప్పుడు వాడే డెక్ నుంచి వచ్చే హమ్ ఎప్పుడూ సరిగ్గా 50లోనే ఉంటుంది. దాన్ని చూసి మోసపోవద్దు. దాని పక్కన రెండో గీత ఉందేమో వెతకండి.

వీణ_రమ్య
హమ్మింగ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నేను సంగీతం నేర్పుతాను, శ్రుతి తప్పకుండా పాడతాను. అయినా నా హమ్మింగ్‌కి సగం సార్లు తప్పు పాట వస్తుంది. మా తమ్ముడు బేసురుగా పాడితే కరెక్టుగా వస్తుంది. ఇదెక్కడి న్యాయం?

స్పెక్ట్రమ్_తాత
హా! హమ్మింగ్‌కి చుక్కల పద్ధతి అస్సలు వాడరు. మీ గొంతులోని చుక్కలకూ, ముప్పై వాయిద్యాలున్న రికార్డింగ్ చుక్కలకూ పోలికే లేదు. అక్కడ కావలసింది స్వరాల వరస: ఎంత పైకి వెళ్లింది, ఎంత కిందికి దిగింది.

మీరు 220, 247, 262 హెర్ట్జ్ పాడారు. అంటే రెండు అర స్వరాలు పైకి, తర్వాత ఒకటి పైకి. మీ తమ్ముడు 220, 250, 260 పాడాడు: 2.2, 0.7. గుండ్రం చేస్తే అదే +2, +1. ఆధార శ్రుతి ఎక్కడున్నా పర్వాలేదు, కాస్త బేసురైనా పర్వాలేదు. కాలాన్ని కూడా సాగదీసి, కుదించి పోల్చే పద్ధతులున్నాయి. 1990ల నుంచి పరిశోధకులు ఇదే దారిలో నడిచారు. కొందరైతే పైకి, కిందికి, అదే చోట అనే మూడు గుర్తులతోనే సరిపెట్టారు.

కష్టం ఎక్కడంటే, ఇక్కడ "సరిగ్గా ఈ సంఖ్య" అని పట్టిక తెరవలేం. "సుమారుగా ఇలాంటిది" అని వెతకాలి, అది ఖరీదైన పని. పైగా పాట రికార్డింగ్ నుంచి ముఖ్యమైన స్వరాల గీతను ముందే వేరుచేసి ఉంచాలి. డ్రమ్ముల మధ్య, కోరస్ మధ్య అది తప్పుగా వస్తే మీరెంత బాగా పాడినా దొరకదు. 2020 అక్టోబరులో గూగుల్ తెచ్చిన హమ్మింగ్ వెతుకులాట న్యూరల్ నెట్‌వర్క్‌తో ఈ పని చేస్తుంది. ఒకే పాట హమ్మింగూ రికార్డింగూ దగ్గర దగ్గర అంకెలుగా మారేలా దానికి శిక్షణ ఇచ్చారు. అది పది పదిహేను సెకన్లు అడుగుతుంది, ఎందుకంటే నాలుగు స్వరాల వరస వేల పాటల్లో ఉంటుంది.

వీణ_రమ్య
మరి నాకెందుకు తప్పుతోంది?

స్పెక్ట్రమ్_తాత
అనుమానమే చెప్తున్నాను. మీరు గమకాలు వేస్తుంటారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, ఊపుతూ వెళ్తే, యంత్రానికి ఒక స్వరం ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో తేలదు. ఒక ఊపు నాలుగు స్వరాలుగా లెక్కపడొచ్చు. తమ్ముడు గమకాలు వేయడు కాబట్టి మెట్లు మెట్లుగా వస్తుంది. "మ్మ్మ్" అని కలిపి లాగకుండా "త త త" అని విడివిడిగా, పల్లవి ముక్క పాడి చూడండి.

వీణ_రమ్య
పాడి చూశాను. రెండు పాటలు దొరికాయి. మూడోది మాత్రం గమకాలు తీసేశాక కూడా దొరకలేదు. పైగా గమకాలు తీసేస్తే అది నాకే ఆ పాటలా అనిపించలేదు. మీ వాదన సగమే ఒప్పుకుంటాను.

జోరుగాలి
నాకు ఇంకోటి తట్టింది. ఎవరో కాల్‌లో పాట వినిపిస్తే యాప్‌కి దొరకదు. స్పీకర్లో పెట్టి చూశా. అదీ లైవ్ లాంటిదేనా?

స్పెక్ట్రమ్_తాత
కాదు, ఇది వేరు. కాల్ సాఫ్ట్‌వేర్ మనిషి మాటను ఉంచి మిగతాది గోల అని నరికేస్తుంది. సంగీతమే దానికి గోల! చుక్కలు జరగలేదు, మాయమయ్యాయి. తమాషా ఏమిటంటే, 2002లో షజామ్ మొదలైనప్పుడు బ్రిటన్‌లో 2580కి ఫోన్ చేసి, ఫోన్‌ను స్పీకర్ వైపు పట్టుకుంటేనే పాట చెప్పేది. అప్పటి ఫోన్ లైను నాణ్యతకూ తట్టుకుంది.

పాత_క్యాసెట్
తాతగారూ, రెండో గీత దొరికింది! 50 దగ్గర ఒకటి, 52 దగ్గర ఇంకోటి సన్నగా. ఆడాసిటీలో వేగాన్ని 50/52 చేశాను, అంటే 0.9615. ఎ సైడ్ పాటలు వరసగా వచ్చేశాయి. బి సైడ్‌లో మొదటి రెండే వచ్చాయి, మిగతావి మళ్లీ "ఫలితం లేదు". గీత కూడా అక్కడ వంకరగా ఉంది, 52 నుంచి మెల్లగా 51 వైపు దిగుతోంది.

స్పెక్ట్రమ్_తాత
అంటే టేపు పోనుపోను వేగం తగ్గుతోంది. మొత్తానికీ ఒకే అంకె పెడితే కుదరదు. గీత ఏ చోట ఎంత ఉందో చూసి, పాట పాటకూ వేరే అంకె పెట్టండి. 51.4 ఉంటే 50/51.4. యాప్‌కి పది సెకన్లు చాలు కాబట్టి పాట మధ్యలో ఒక ముక్క సరిచేసి వినిపించినా సరిపోతుంది.

పాత_క్యాసెట్
చివరి పాట తప్ప అన్నీ వచ్చాయి. ఆ చివరిదానిలో గీత నిలకడగానే ఉంది, వేగం సరిచేశాను, అయినా రాలేదు. అది రేడియో వాళ్ల స్టూడియోలో పాడించిన పాటేమో?

స్పెక్ట్రమ్_తాత
కావచ్చు. లేదా ఆ రికార్డింగ్ డేటాబేస్‌లోకి ఎవరూ ఎక్కించకపోయి ఉండొచ్చు. రెండింటికీ యాప్ చెప్పే జవాబు ఒకటే కాబట్టి బయటి నుంచి తేల్చలేం. ఓ ముక్క ఇక్కడ పెట్టండి, ఎవరైనా చెవితో పడతారేమో చూద్దాం.